‘ఎలా తట్టుకుంటున్నావమ్మా?’: ఆ ప్రశ్నను నొప్పించకుండా దాటే జవాబులు ఎలా పనిచేస్తాయి

మాఘంలో పెళ్ళిళ్ళు మొదలయ్యాయంటే పర్లాకిమిడి, గుణుపురం, రాయగడ, బరంపురం తెలుగు ఇళ్ళకు ప్రయాణాలు తప్పవు. సగం చుట్టాలు ఒడిశాలో ఉంటారు. మిగతా సగం పలాసలోనో, పార్వతీపురంలోనో, శ్రీకాకుళంలోనో ఉంటారు. ఆ ఏడాది ఇంట్లో ఒకరిని పోగొట్టుకున్నవారికి ఈ ప్రయాణం చాలా బరువైనది. పెళ్ళిపందిట్లో అడుగు పెట్టగానే ఒకరి తరువాత ఒకరు వచ్చి చెయ్యి పట్టుకుని అడుగుతారు: ఎలా ఉన్నావు, ఎలా తట్టుకుంటున్నావు, రాత్రులు నిద్ర పడుతోందా. ఆఫీసులోనో బడిలోనో అవే ప్రశ్నలు మరో రూపంలో ఎదురవుతాయి. అడిగేవాళ్ళలో చాలామంది మంచి మనసుతోనే అడుగుతారు. అయినా అక్కడ, ఆ క్షణంలో, ఆ మనిషికి జవాబు చెప్పే శక్తి ఉండకపోవచ్చు.

ఇలాంటప్పుడు మనుషులు చేసే పనిని ఈ వ్యాసంలో దాటవేత అంటున్నాను. ఇది అబద్ధం చెప్పడం కాదు, ‘నన్ను అడగవద్దు’ అని తిరస్కరించడమూ కాదు. అడిగినవారి పలకరింపును స్వీకరించి, లోపలి సంగతిని మాత్రం లోపలే ఉంచుకుని, మాటను మరో దారికి మళ్ళించడం. కొందరు దీన్ని సహజంగా చేస్తారు. కొందరు ఎంత ప్రయత్నించినా ఒక ప్రశ్న నుంచి మరో ప్రశ్నలోకి జారిపోయి చివరికి పందిరి మధ్య ఏడుస్తూ నిలబడతారు. ఈ తేడా మనోధైర్యంలో కన్నా మాటల అమరికలోనే ఎక్కువగా ఉంది. ఆ అమరికను విప్పి చూపడమే ఇక్కడి పని.

పన్నెండో రోజు దాకా మాట్లాడవలసిన అవసరం ఉండదు

మరణం జరిగిన ఇంట్లో మొదటి రోజుల్లో పరామర్శకు ఒక పద్ధతి ఉంది. వచ్చినవారు కూర్చుంటారు, పోయినవారి గురించి వాళ్ళే మాట్లాడతారు, ‘ఇలా జరుగుతుందని ఎవరనుకున్నారు’ అంటారు, కాసేపటికి లేచి వెళతారు. ఇంటివారు తల వంచుకుని ఊరుకున్నా తప్పు పట్టేవారు లేరు. వెళ్ళేటప్పుడు ‘వెళ్ళొస్తాం’ అని చెప్పే అలవాటు కూడా లేదు. అంటే ఆ రోజుల్లో దుఃఖంలో ఉన్న మనిషి మీద జవాబు చెప్పే బాధ్యతను ఆచారమే పెట్టలేదు.

పదో రోజు, పదకొండు, పన్నెండు ముగిసి శుభస్వీకారం అయ్యాక ఈ రక్షణ ఒక్కసారిగా తొలగిపోతుంది. పక్కింటి ఒడియా కుటుంబాల్లో కూడా పదో రోజు శుద్ధి, ఆ తరువాతి రెండు రోజుల కర్మలు ఉంటాయి కాబట్టి, ఆఫీసులో ఒడియా సహోద్యోగి కూడా దాదాపు అదే లెక్క వేసుకుంటాడు: కర్మ అయిపోయింది, మనిషి పనిలోకి వచ్చాడు, ఇక మాట్లాడవచ్చు. మాసికాలు నడుస్తూనే ఉంటాయి, ఏడాది వరకు పండుగలు ఉండవు. అయినా పలకరింపు ఎలా సాగాలి, ఎప్పుడు ఆగాలి అనేదానికి మాత్రం ఇక పద్ధతి లేదు.

సరిహద్దు జిల్లాల్లో దీనికి మరో చిక్కు తోడవుతుంది. కర్మకు రాలేకపోయిన బంధువులు ఇక్కడ ఎక్కువ. దూరం, సెలవులు, రైళ్ళ వేళలు కుదరక ఫోనులో పలకరించి ఊరుకున్నవారు, నాలుగైదు నెలల తరువాత ఒక పెళ్ళిలో మొదటిసారి ఎదురుపడతారు. వారికి అదే పరామర్శ. వారి లెక్కలో ఇది మొదటి రోజు. వినేవారికి మాత్రం అప్పటికే అనేకసార్లు విన్న ప్రశ్న. ఇద్దరి కాలాలూ వేరు. పందిట్లో కలిగే ఇబ్బందికి ఎవరి దురుద్దేశమో కారణం కాదు, చాలా వరకు ఈ కాలభేదమే కారణమని నా అభిప్రాయం.

ఒకే ప్రశ్న, వేరు వేరు అవసరాలు

‘ఎలా ఉన్నావు’ అని అడిగేవారందరూ ఒకే జవాబు కోసం అడగరు. కొందరికి అది కేవలం మర్యాద. చూసి కూడా పలకరించకపోతే బాగుండదని అడుగుతారు, రెండు ముక్కల జవాబు వారికి చాలు. కొందరు నిజంగానే ఆదుర్దాతో అడుగుతారు. పెద్ద జవాబు విని ఓదార్చడానికి వారు సిద్ధంగా ఉంటారు, అయితే చోటూ సమయమూ సరిపడవు. ఇంకొందరు అడిగేది తమ దుఃఖంతో. పోయినవాడు వాళ్ళకు మేనల్లుడో, చిన్ననాటి స్నేహితుడో. వారికి మీ సంగతి తెలుసుకోవడం కన్నా, తమకూ ఆ బాధ ఉందని చెప్పుకోవడం ముఖ్యం. నాలుగో రకం కూడా ఉంది: ‘ఎలా తట్టుకుంటున్నావు’తో మొదలుపెట్టి రెండో ప్రశ్నకే పింఛను, ఇల్లు, బంగారం, పిల్లల పెళ్ళిళ్ళ దగ్గరకు వచ్చేవారు.

మొదటి ప్రశ్న వినగానే ఇది ఏ రకమో చెప్పడం కష్టం. రెండో ప్రశ్న వచ్చాకే తెలుస్తుంది. అందుకే పనిచేసే దాటవేతలు అన్ని రకాలకూ సరిపోయేలా మొదలై, రెండో ప్రశ్నకు ముందే మాటను మళ్ళిస్తాయి. రెండో ప్రశ్న అంత కీలకం ఎందుకు అయిందో చూద్దాం.

‘బాగానే ఉన్నాను’ అన్నాక ప్రశ్నలు ఆగవు, పెరుగుతాయి

హార్వీ సాక్స్ అనే అమెరికన్ సామాజికశాస్త్రవేత్త 1960లలో టెలిఫోను సంభాషణల రికార్డులను వింటూ, మామూలు మాటలకు కూడా నియమాలు ఉన్నాయని గమనించాడు. ఆయన చెప్పినవాటిలో మనకు ఇక్కడ అక్కరకు వచ్చేది ఒకటుంది. ప్రశ్న అడిగినవారికి, జవాబు వచ్చిన తరువాత మళ్ళీ మాట్లాడే హక్కు ఉంటుంది. ఆ హక్కుతో మరో ప్రశ్న అడగవచ్చు. దానికి జవాబు రాగానే హక్కు మళ్ళీ వారికే వస్తుంది. ఇలా ప్రశ్నల గొలుసు ఎంత దూరమైనా సాగుతుంది. వకీలు సాక్షిని, డాక్టరు రోగిని అడిగే తీరు ఇదే.

దుఃఖంలో ఉన్న మనిషి ‘బాగానే ఉన్నాను’ అంటే ఏమవుతుంది? జవాబు పూర్తయింది, హక్కు అడిగినవారి చేతికి వెళ్ళింది. పైగా ఆ జవాబు నమ్మదగినది కాదని ఇద్దరికీ తెలుసు. నమ్మలేని జవాబు దానంతట అదే మరో ప్రశ్నను పిలుస్తుంది: ‘బాగానే ఎలా ఉంటావమ్మా? నాకు చెప్పకపోతే ఎవరికి చెబుతావు?’ ఒకవేళ నమ్మితే అది ఇంకో ఇబ్బంది. ‘పాపం, చాలా గట్టిది’ అనో, ‘కన్నీటిచుక్క లేదు’ అనో మాట పందిరంతా తిరుగుతుంది. నిజం చెప్పి ‘అస్సలు బాగాలేను’ అన్నా హక్కు అడిగినవారికే వెళుతుంది. మౌనంగా ఉంటే, జవాబు రాలేదు కాబట్టి ప్రశ్న అలాగే నిలబడి ఉంటుంది, మళ్ళీ అడుగుతారు.

అంటే బాగున్నానని చెప్పినా బాగాలేనని చెప్పినా ఫలితం ఒకటే. జవాబులోని నిజానిజాల కన్నా, జవాబు ఎక్కడ ఆగిందన్నదే ఇక్కడ లెక్క. జవాబు చివర మరో ప్రశ్నో, ఒక పనో ఉంటే గొలుసు తెగుతుంది. ఇప్పుడు మాట్లాడవలసిన వంతు అవతలివారిది, అయితే అడగడానికి కాదు, చెప్పడానికి.

ఒక ఉదాహరణ: బడికి తిరిగి వచ్చిన ఉపాధ్యాయురాలు

పర్లాకిమిడిలో ఒక హైస్కూలు ఉపాధ్యాయురాలిని ఊహించుకుందాం. నలభై అయిదేళ్ళ వయసు. భర్తకు గుండెపోటు వస్తే విశాఖపట్నం తీసుకువెళ్ళారు, అక్కడే ఆయన పోయారు. కొడుకు తొమ్మిదో తరగతి, కూతురు బరంపురంలో కాలేజీ. కర్మ అయ్యాక మూడో రోజున ఆమె బడికి వచ్చింది. స్టాఫురూములో తెలుగు టీచర్లు, ఒడియా టీచర్లు కలిసి పదిమంది దాకా ఉంటారు.

ఆమె ముందు రోజు ఒక పని చేసింది. తనకు దగ్గరైన సహోద్యోగికి ఫోను చేసి, ‘రేపు వస్తున్నాను. అందరికీ నా తరఫున చెప్పండి, వాళ్ళ పలకరింపు నాకు చేరింది. బడిలో మాత్రం పాఠాల గురించి మాట్లాడితే నాకు తేలికగా ఉంటుంది’ అంది. చాలామంది పలకరించేది, పలకరించకపోతే తప్పవుతుందేమోనన్న భయంతో. ‘చేరింది’ అన్న మాట ఆ భయాన్ని తీసేస్తుంది. పైగా ఒక్కరు చెబితే పదిమందికి చేరుతుంది, ఆమె పదిసార్లు చెప్పవలసిన పని లేదు. ఈ కబురు అందరికీ సరిగ్గా చేరకపోవచ్చు. కొందరు దాన్ని ‘ఆమెతో మాట్లాడవద్దు’ అని అర్థం చేసుకుని దూరంగా జరిగే ప్రమాదమూ ఉంది. అందుకే ‘పాఠాల గురించి మాట్లాడితే’ అన్న రెండో సగం ముఖ్యమైంది. ఏం మాట్లాడకూడదో చెప్పి వదిలేస్తే ఎదుటివారికి దారి ఉండదు, ఏం మాట్లాడవచ్చో కూడా చెబితే ఉంటుంది.

మరునాడు ఉదయం ఒడియా మాస్టారు ఎదురయ్యారు. ‘కెమితి అఛంతి, మేడమ్?’ ‘ఎలా ఉన్నారు’ అని ఆయన రోజూ ఒడియాలో అడిగే మాటే అది, ఈ రోజు గొంతు తగ్గించి అడిగారు. ఆమె ‘చాలిఛి, సార్’ అని, ‘నేను లేనప్పుడు నా క్లాసులు మీరే తీసుకున్నారట. తొమ్మిదో తరగతి ఎంతవరకు వచ్చింది?’ అని అడిగింది. ‘నడుస్తోంది’ అనే ఆ చిన్న జవాబులో అబద్ధం లేదు, వివరమూ లేదు. వెంటనే వచ్చిన ప్రశ్న ఆయన చేసిన సాయం గురించి. ఆయన రెండు నిమిషాలు పాఠాల సంగతి చెప్పారు. పలకరించామన్న తృప్తి ఆయనకు దక్కింది, తన సాయం గుర్తించారన్న తృప్తి కూడా.

మధ్యాహ్నం భోజనాల దగ్గర మరో టీచరు అడిగింది: ‘ఇంట్లో ఒక్కరే ఎలా ఉంటున్నారు మేడమ్? నాకైతే తలుచుకుంటేనే భయం వేస్తోంది.’ ఈ ప్రశ్నలో అడిగినవారి భయమే ఎక్కువగా ఉంది. ఆమె ‘మా అబ్బాయి ఉన్నాడు, మా అమ్మ వచ్చి ఉంది’ అని ఊరుకుంది. ఇక్కడ దాటవేత సగమే పనిచేసింది. జవాబు మంచిదే. ‘ఎలా’ అన్నదానికి మనసు గురించి కాకుండా ఇంటి ఏర్పాటు గురించి చెప్పింది. అభిప్రాయం అడిగితే వాస్తవం చెప్పడం మంచి దాటవేతలన్నింటిలోనూ కనిపించే లక్షణం. కానీ చివర ఖాళీ మిగిలింది. వెంటనే ‘అమ్మ ఎన్నాళ్ళు ఉంటారు? తరువాత ఏం చేస్తారు?’ అని వచ్చింది. అదే జవాబు చివర ‘మీ అత్తగారు కూడా ఊరి నుంచి వచ్చారన్నారు, ఉన్నారా ఇంకా?’ అని ఉంటే మాట అటు మళ్ళేది. సాక్స్ గమనించిన గొలుసు ఇక్కడ కళ్ళకు కట్టినట్టు కనిపిస్తుంది.

పెళ్ళిపందిట్లో ఒక్క గంతులో మాట మారదు

ఆఫీసులో పని ఎప్పుడూ చేతికి అందే విషయం. బంధువుల మధ్య ఆ ఆధారం లేదు. భర్త గురించి అడిగిన పెద్దత్తకు ‘భోజనాలు అయ్యాయా?’ అని ఎదురు ప్రశ్న వేస్తే గొలుసు తెగుతుంది గాని మనసు నొచ్చుకుంటుంది. పోయిన మనిషి గురించి మాట్లాడుతుంటే భోజనాల మాట ఏమిటి అనిపిస్తుంది.

గెయిల్ జెఫర్సన్ అనే పరిశోధకురాలు సాక్స్ బాటలోనే పనిచేశారు. కష్టాల గురించిన సంభాషణలు ఎలా ముగుస్తాయో ఆమె ప్రత్యేకంగా పరిశీలించి 1984లో రాశారు. కష్టం గురించి మాట్లాడాక నేరుగా మరో విషయానికి దూకడం మనుషులకు కష్టంగా ఉంటుంది. అయితే మెట్టు మెట్టుగా పక్కకు జరగవచ్చు. కష్టానికి ఆనుకుని ఉన్న ఒక చిన్న సంగతిని పట్టుకుంటారు, దాని నుంచి మరో సంగతికి, అక్కడి నుంచి మూడోదానికి వెళతారు. ఎక్కడ మాట మారిందో చెప్పలేనంత మెల్లగా జరుగుతుంది.

మన ఉపాధ్యాయురాలు మాఘంలో పలాసలో భర్త తరఫు పెళ్ళికి వెళ్ళింది. కర్మకు రాలేకపోయిన పెద్దత్త చూడగానే దగ్గరకు తీసుకుంది.

‘ఎలా తట్టుకుంటున్నావే తల్లీ? రాత్రులు నిద్ర పడుతోందా?’

‘మీరు అడిగారు, అంతే చాలు అత్తయ్యా. మీరు చేసే పనసపొట్టు కూర అంటే ఆయనకు ఎంత ఇష్టమో. మొన్న కూడా మా అబ్బాయి ఆ మాటే అన్నాడు.’

‘అవునే, చిన్నప్పుడు నా దగ్గర కూర్చుని గిన్నె ఖాళీ చేసేవాడు.’

‘ఇప్పటికీ మీరే చేస్తున్నారా అత్తయ్యా? పొట్టు కొట్టాలంటే చేతులు నొప్పి పెట్టవా?’

పెద్దత్త తన చేతుల గురించి, మోకాళ్ళ గురించి, పలాసలో చూపించుకున్న డాక్టరు గురించి చెప్పింది. మూడు మెట్లలో మాట భర్త నుంచి కూరకు, కూర నుంచి పెద్దత్త ఒంటికి వచ్చింది. నిద్ర గురించిన ప్రశ్నకు ఆమె జవాబు చెప్పనే లేదు, పెద్దత్తకు ఆ లోటు కూడా తెలియలేదు. మరో సంగతి, పెద్దత్త కూడా మేనల్లుణ్ణి పోగొట్టుకుంది. ఆమెకు కావలసింది కోడలి నిద్ర లెక్క కాదు, వాడిని గురించి ఒక మాట అనుకోవడం. ఆ మాట ఆమెకు దొరికింది. దాటవేత అడిగినవారికి ఏదీ ఇవ్వకుండా తప్పించుకోవడం అనుకుంటే ఈ సంభాషణ అర్థం కాదు. ఇచ్చేది ఒకటి ఉంది, అడిగినదానికి బదులు మరొకటి ఇస్తుంది.

ఇందులో ప్రమాదం లేకపోలేదు. జ్ఞాపకం పదునైన వస్తువు. కొన్ని జ్ఞాపకాలు నోట్లోంచి రాగానే చెప్పినవారినే కూలదోస్తాయి. ఆస్పత్రిలో చివరి రోజు, ఆయన చివరిగా అన్న మాట ఈ పనికి పనికిరావు. అడిగినవారికి చోటు ఉన్న పాత జ్ఞాపకం, తిండో, చదువో, చిన్నప్పటి అల్లరో అయితే మాట సహజంగా అటువైపు మళ్ళుతుంది. ఎంత జాగ్రత్త పడినా ఒక్కోసారి కన్నీళ్ళు వస్తాయి. అప్పుడు ఏ వాక్యమూ ఆదుకోదు, పక్కన మనిషి కావాలి.

ఆ మనిషి పాత్రను మన ఇళ్ళలో తోటికోడళ్ళు, వదినలు ఎవరూ చెప్పకుండానే పోషిస్తుంటారు. ‘అక్కా, లోపల నిన్ను పిలుస్తున్నారు’ అని చెయ్యి పట్టుకుని తీసుకుపోతారు. ప్రశ్నల గొలుసును మూడో మనిషి తెంపితే మర్యాద ఎవరిదీ పోదు, ఎందుకంటే వెళ్ళిపోవడం ఆమె నిర్ణయంలా కనిపించదు. వెళ్ళే ముందే ఒకరితో అనుకుని ఉంటే ఇది మరింత బాగా పనిచేస్తుంది. ముఖ్యంగా శుభకార్యాల్లో ఈ తోడు అవసరం వేరే కారణానికి కూడా ఉంది. భర్త పోయిన స్త్రీ పెళ్ళికి రావడాన్నే ప్రశ్నించే నోళ్ళు ఇంకా ఉన్నాయి. ‘ఏడాది కాలేదు కదా, వచ్చావే?’ అన్న మాటకు ఆమె సంజాయిషీ చెప్పుకోవడం అన్యాయం. ‘నేనే రమ్మన్నాను పిన్నీ’ అని పెళ్ళివారి మనిషి ఒకరు అంటే చాలు, మాట అక్కడితో ఆగుతుంది.

డబ్బు ప్రశ్నలు, కాగితాల ప్రశ్నలు

‘పింఛను మొదలైందా?’, ‘ఇల్లు ఎవరి పేరున ఉంది?’, ‘అబ్బాయికి ఉద్యోగం ఇస్తారటనా?’ ఇవి వినగానే ఒళ్ళు మండుతుంది. కానీ అన్నీ ఆరా తీయడాలు కావు. ఈ జిల్లాల్లో కాగితాల చిక్కు నిజంగా ఉంది. మరణం ఎక్కడ జరిగితే అక్కడే నమోదవుతుంది. పర్లాకిమిడి మనిషి విశాఖపట్నం ఆస్పత్రిలో పోతే మరణ ధ్రువపత్రం వచ్చేది విశాఖపట్నంలో, కుటుంబ పింఛను కోసం దాన్ని పెట్టవలసింది ఒడిశా కార్యాలయంలో కావచ్చు. ఒక కాగితం తెలుగులో, మరో దరఖాస్తు ఒడియాలో. ఈ దారిలో తిరిగినవారు ఎవరైనా అడిగితే అది సాయమే కావచ్చు.

అందుకే ఇక్కడ ఎక్కువగా వినిపించే దాటవేత తెలివైనది: ‘కాగితాలన్నీ మా తమ్ముడు చూస్తున్నాడు.’ జవాబు తెలిసిన మనిషి అక్కడ లేడు కాబట్టి తరువాతి ప్రశ్న అడగడానికి చోటు లేదు. సాయం చేయదలచినవారు ‘అయితే తమ్ముడి నంబరు ఇవ్వు, మాకు అక్కడ తెలిసినవారు ఉన్నారు’ అంటారు. ఆరా కోసం అడిగినవారు ఊరుకుంటారు. ఒక్క వాక్యంతో ఇద్దరూ వేరుపడతారు. తమ్ముడు అదే పందిట్లో ఉంటే మాత్రం ఈ ఉపాయం నిలవదు, అతణ్ణి పిలిచి అక్కడే లెక్కలు మొదలుపెడతారు.

పిల్లల్ని ‘నాన్న గుర్తొస్తున్నారా?’ అని అడిగేవారి సంగతి వేరే వ్యాసం కావాలి. పిల్లలకు మాట మళ్ళించే నేర్పు ఉండదు, వారి తరఫున పెద్దలే మధ్యలోకి రావలసి ఉంటుంది.

దాటవేస్తే దుఃఖం లోపలే పేరుకుపోతుందా?

దీనికి చాలామంది పెద్దలు చెప్పే అభ్యంతరం ఇది: ఏడవాలి, చెప్పుకోవాలి, దాచుకుంటే తరువాత బద్దలవుతుంది. ఈ నమ్మకానికి శాస్త్రంలోనూ పాత బంధువు ఉంది. 1917లో మనోవిశ్లేషకుడు ఫ్రాయిడ్ రాసినదాని ప్రకారం దుఃఖం ఒక పని. పోయినవారితో ముడిపడిన ఒక్కో జ్ఞాపకాన్ని ఎదుర్కొని మనసు మెల్లగా విడిపించుకోవాలి. తరువాతి దశాబ్దాల్లో ఈ ఆలోచన గట్టిపడి, దుఃఖాన్ని ఎదుర్కోనివారికి అది ఆలస్యంగా వచ్చి తీరుతుందన్న నమ్మకంగా మారింది.

1999లో నెదర్లాండ్స్‌లో పనిచేసే మనస్తత్వవేత్తలు మార్గరెట్ స్ట్రోబ్, హెంక్ షూట్ వేరే చిత్రాన్ని ముందు పెట్టారు. దుఃఖంలో ఉన్న మనిషి రెండు పనుల మధ్య ఊగుతాడు. కొంతసేపు పోయినవారి తలపుల్లో ఉంటాడు. కొంతసేపు మారిన బతుకులోని పనుల్లో, అంటే బ్యాంకు, వంట, పిల్లల ఫీజులు, ఉద్యోగంలో ఉంటాడు. రెండోదానిలో ఉన్నప్పుడు మొదటిదానికి దూరంగా ఉండటం పలాయనం కాదు, దుఃఖంలో అదీ ఒక భాగమే. ఈ లెక్కన స్టాఫురూములో పాఠాల వైపు మాట మళ్ళించిన టీచరు దుఃఖాన్ని అణచడం లేదు, అది తన రెండో పని వేళ అని చెబుతోంది.

అమెరికాలో మనస్తత్వవేత్త జార్జ్ బొనానో బృందం 2002లో ప్రచురించిన అధ్యయనం డెట్రాయిట్ ప్రాంతపు వృద్ధ దంపతులను, ఒకరు పోకముందు నుంచే గమనించినది. తీవ్రమైన దుఃఖ లక్షణాలు పెద్దగా లేకుండా నిలదొక్కుకున్నవారు అందులో దాదాపు సగం మంది. ఆలస్యంగా బద్దలయ్యే దుఃఖానికి పెద్దగా ఆధారం కనిపించలేదు. అయితే ఇది వృద్ధుల గురించి, అమెరికా గురించి. చిన్న వయసులో హఠాత్తుగా భర్తనో బిడ్డనో పోగొట్టుకున్నవారికి దీన్ని యథాతథంగా వర్తింపజేయలేం.

పెద్దల మాటలో మరో సగం ఉంది, దాన్ని పరిశోధనలు కొట్టిపారేయలేదు. పరామర్శ అడిగేవారి ధర్మం. దాన్ని అడ్డుకుంటూ పోతే బంధువులు మెల్లగా అడగడం మానేస్తారు, అవసరమైన రోజున దగ్గర ఎవరూ ఉండరు. ఇది నిజమైన నష్టం. కొందరు దీనికి ‘ఇక్కడ వద్దు అత్తయ్యా, ఇంటికి వెళ్ళాక ఫోను చేస్తాను’ అనే వాయిదాను వాడతారు. చోటును మాత్రమే కాదని, మనిషిని కాదనకుండా ఉండే జవాబు అది. కానీ అది ఒక బాకీ. ఫోను చేస్తే బంధం మునుపటి కన్నా గట్టిపడుతుంది. చేయకపోతే రెండోసారి ఆ మాట ఎవరూ నమ్మరు. నా దృష్టిలో, చేసే ఉద్దేశం లేనప్పుడు కూర జ్ఞాపకమే మేలు.

దాటవేత సరిపోని చోటు

ఇప్పటిదాకా చెప్పిన జవాబులన్నీ ఒక షరతు మీద నిలబడి ఉన్నాయి. ఎక్కడో ఒకచోట, ఒక్కరికైనా, ఆ మనిషి దాటవేయకుండా చెప్పుకోగలగాలి. తల్లికో, అక్కకో, స్నేహితురాలికో. ఆ ఒక్కరికి కూడా ‘చాలిఛి’ అనే జవాబే వెళుతుంటే, మాటల నేర్పు బయటివారికి కనిపించకుండా ఒంటరితనాన్ని కప్పిపెడుతోందని అర్థం. బయటి నుంచి ఇది గుర్తించడం కష్టం, ఎందుకంటే అలాంటివారు తరచుగా అందరికన్నా బాగా మాట్లాడుతుంటారు. మాటల కన్నా రోజువారీ పనుల్లో తేడా ముందుగా తెలుస్తుంది: వంట మానేయడం, జీతం కాగితాలు తెరవకుండా పడి ఉండటం, పోయినవారి గది ఉన్న వైపుకే వెళ్ళకపోవడం, లేదా ఆ గది వదిలి రాకపోవడం.

కాలం ఎంత అన్నదాని మీద వైద్యుల్లోనూ ఒకే కొలత లేదు. ప్రపంచ ఆరోగ్య సంస్థ వ్యాధుల వర్గీకరణ పదకొండో కూర్పు, తీవ్రమైన ఆరాటం, రోజువారీ జీవితం స్తంభించడం 6 నెలలు దాటి కొనసాగితే దాన్ని దీర్ఘకాలిక దుఃఖ రుగ్మతగా పరిగణిస్తుంది. అమెరికన్ మానసిక వైద్యుల సంఘం 2022లో తెచ్చిన కూర్పు పెద్దలకు 12 నెలలు అంటుంది. రెండూ ఆ సమాజపు ఆచారం ఎంత దుఃఖాన్ని సహజమని భావిస్తుందో లెక్కలోకి తీసుకోమంటాయి. ఏడాది పాటు పండుగలు మానుకునే మన ఇళ్ళలో ఆరో నెలలో పందిట్లో కళ్ళు తడవడం రుగ్మత కాదు. ఆరో నెలలో ఉద్యోగానికి వెళ్ళలేకపోవడం, ‘నేనూ ఆయన వెంటే పోతే బాగుండు’ అనుకోవడం మాత్రం వేరే సంగతి. అలాంటి ఆలోచన వచ్చినప్పుడు కాలం లెక్క చూడవలసిన పని లేదు. కేంద్ర ప్రభుత్వం 2022 అక్టోబరులో ప్రారంభించిన మానసిక ఆరోగ్య సహాయ ఫోను సేవ టెలీ మానస్ నంబరు 14416 రాత్రింబవళ్ళు ఉచితంగా పనిచేస్తుంది. ఫోను చేశాక ఏ భాషలో మాట్లాడాలో ఎంచుకోవచ్చు. అవతల ఉండేది చుట్టం కాదు కాబట్టి, అక్కడ చెప్పినది పందిట్లో తిరగదు.